అరవై రోజులు ఎప్పటినుంచి?

గుంటూరు నుంచి ఎండుమిర్చి కంటైనరు మలేషియాకు ఓడెక్కాక, దాని వెనకే కాగితాల కట్ట ఒకటి బయల్దేరుతుంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడ కంపెనీ ఇచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్, సరుకుకు చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, కొనుగోలుదారు పేరు మీద రాసిన బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ అందులో ఉంటాయి. ఎగుమతిదారు వీటిని తన బ్యాంకులో ఇస్తే, బ్యాంకు వాటిని కొరియర్‌లో విదేశీ బ్యాంకుకు పంపుతుంది. ఆ కట్ట పైన ఒక పేజీ పెడుతుంది. డబ్బు ఎంత, ఎప్పుడు, ఏ షరతు మీద వసూలు చేయాలో అందులో ఉంటుంది. అదే కలెక్షన్ అడ్వైస్. దాని నకలు ఎగుమతిదారుకూ అందుతుంది. చాలా ఆఫీసుల్లో ఎవరూ చదవకుండానే అది ఫైల్లోకి వెళ్లిపోతుంది.

దాన్ని చదవకపోతే నష్టం ఎందుకో తెలియాలంటే ఒక నియమం గురించి చెప్పుకోవాలి. ఇలాంటి వసూళ్లకు ప్రపంచమంతటా బ్యాంకులు పాటించేది అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన యూఆర్‌సీ 522. ఇది 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీని 4వ ఆర్టికల్ ప్రకారం విదేశీ బ్యాంకు అడ్వైస్‌లో ఉన్న సూచనల మీదే నడుస్తుంది. సూచనల కోసం లోపలి పత్రాలు తిరగేయదు. జాబితాలో రాసిన పత్రాలు వచ్చాయా లేదా అని చూసుకుంటుంది, ఏదైనా తగ్గితే వెంటనే చెబుతుంది, అంతే. ఇన్వాయిస్‌లో ఒక మాట, పై పేజీలో ఇంకో మాట ఉంటే సరిదిద్దే బాధ్యత దానిది కాదు. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో బ్యాంకులు పత్రాలను అక్షరం అక్షరం చదువుతాయి. కలెక్షన్‌లో ఆ చదివే పని ఎగుమతిదారుదే.

ఒక ఉదాహరణతో చూద్దాం. గుంటూరు వ్యాపారి ఒకరు 14 టన్నుల తేజ రకం మిర్చిని టన్ను 2,500 డాలర్ల చొప్పున అమ్మారనుకుందాం. ఇన్వాయిస్ మొత్తం 35,000 డాలర్లు. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ 2025 మార్చి 6. ఆ తేదీ నుంచి 60 రోజులకు డబ్బు కట్టాలని, బిల్లు మీద సంతకం చేశాక పత్రాలు తీసుకోవచ్చని ఒప్పందం. అంటే డబ్బు మే 5న రావాలి. ఎగుమతిదారు బ్యాంకు దరఖాస్తు నింపేటప్పుడు ఆఫీసులో ఎవరో ‘60 రోజులు’ అని మాత్రం రాసి వదిలేశారు. బ్యాంకులో దాన్ని ‘60 రోజుల సైట్’గా టైపు చేశారు. కాగితాలు మార్చి 20న మలేషియా బ్యాంకుకు చేరాయి. కొనుగోలుదారు మార్చి 28న వెళ్లి సంతకం పెట్టాడు.

టెనార్ అంటే బిల్లు గడువు. సైట్ గడువైతే కొనుగోలుదారు బిల్లును అంగీకరించిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మార్చి 28కి 60 రోజులు కలిపితే మే 27. ఒప్పందం ప్రకారం రావాల్సిన రోజుకు ఇది 22 రోజులు ఆలస్యం. ఎగుమతిదారు ఈ బిల్లు మీద ఏడాదికి 9 శాతం వడ్డీతో రుణం తీసుకుని ఉంటే, ఆ 22 రోజులకు అదనంగా కట్టేది దాదాపు 190 డాలర్లు. ఇక్కడ కొనుగోలుదారు ఎవరినీ మోసం చేయలేదు. బ్యాంకు చూపించిన కాగితం మీద సంతకం పెట్టాడు. కాస్త ఆలస్యంగా వెళ్లి పెట్టాడు, అంతే. సైట్ గడువు బిల్లులో అతను ఎంత తాత్సారం చేస్తే చెల్లింపు తేదీ అంత వెనక్కి జరుగుతుంది. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి లెక్కిస్తే ఆ వెసులుబాటు అతనికి ఉండదు.

ఈ పొరపాటు ముందే కనిపించే చోటు ఒకటుంది. కాగితాలు అందాయని విదేశీ బ్యాంకు స్విఫ్ట్‌లో ఎంటీ 410 అనే సందేశం పంపుతుంది. గడువు బిల్లు అయితే అందులో 32K అనే వరసలో గడువు ఇలా ఉంటుంది:

```
:32K:D060STUSD35000,
```

మొదటి అక్షరం రోజులను, తర్వాతి మూడు అంకెలు ఎన్ని రోజులో చెబుతాయి. వాటి పక్కనున్న రెండక్షరాలే కీలకం. `ST` ఉంటే సైట్ నుంచి లెక్క. రవాణా పత్రం తేదీ నుంచి అయితే అక్కడ `TD` ఉండాలి. బిల్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ తేదీ నుంచి అయితే `BE`, ఇన్వాయిస్ తేదీ నుంచి అయితే `ID`. మన ఉదాహరణలో ఈ సందేశం మార్చి 21న వచ్చిందనుకుంటే, కొనుగోలుదారు సంతకం పెట్టేలోపు వారం రోజుల సమయం ఉంది. ఎగుమతిదారు ఫోన్ చేసి ఉంటే అతని బ్యాంకు సవరణ సందేశం పంపేది. సంతకం పడ్డాక తేదీ మార్చాలంటే కొనుగోలుదారు ఒప్పుకోవాలి.

అసలు బిల్లులోనే గడువు స్పష్టంగా ఉంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ‘బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 60 రోజులు’ అని మాత్రం రాస్తే, ఆ తేదీ కోసం ఇంకో పత్రం వెతకాలి. ‘బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ 2025 మార్చి 6 నుంచి 60 రోజులు’ అని రాస్తే బిల్లు ఒక్కటి చూసి గడువు లెక్కకట్టవచ్చు. ఇంకో చిక్కు గ్రేస్ రోజులు. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం గడువు బిల్లులకు మూడు రోజులు కలుపుతుంది. కానీ విదేశంలో చెల్లించాల్సిన బిల్లుకు అక్కడి చట్టం వర్తిస్తుంది. అందుకే విదేశీ బ్యాంకు చెప్పిన గడువు తేదీ సొంత లెక్కతో కలవకపోతే కారణం అడిగి తెలుసుకోవాలి.

గడువు తర్వాత చూడాల్సింది పత్రాలు ఏ షరతు మీద కొనుగోలుదారు చేతికి వెళ్తాయన్నది. అడ్వైస్‌లో రెండు గడులుంటాయి. డీ/పీ అంటే డబ్బు కట్టాకే పత్రాలు. డీ/ఏ అంటే బిల్లు మీద అంగీకార సంతకం పెడితే పత్రాలు ఇచ్చేస్తారు, డబ్బు గడువుకు కడతాడు. గడువు బిల్లు పంపుతూ ఏ గడిలోనూ టిక్కు పెట్టకపోతే, యూఆర్‌సీ 522 ఏడో ఆర్టికల్ ప్రకారం విదేశీ బ్యాంకు దాన్ని డీ/పీ గానే చూస్తుంది. అప్పుడు కంటైనరు మార్చి నెలాఖరుకే రేవు చేరినా, డబ్బు కట్టే దాకా పత్రాలు బ్యాంకు లాకర్లోనే ఉంటాయి. రేవులో డెమరేజీ పెరుగుతుంది. ఆ ఆలస్యానికి బ్యాంకు బాధ్యత వహించదని అదే ఆర్టికల్ చెబుతుంది. తప్పు రెండో వైపు జరిగితే ఇంకా ప్రమాదం. డీ/పీ ఒప్పందానికి డీ/ఏ టిక్కు పడితే, సరుకు కొనుగోలుదారు గోడౌన్‌కు చేరిపోతుంది, ఎగుమతిదారుకు మిగిలేది అతని సంతకం ఒక్కటే.

ఆ షరతుకు బలం ఉందో లేదో బిల్ ఆఫ్ లేడింగ్ చెబుతుంది. అందులో సరుకు అందుకునే వారి గడిలో ‘టు ఆర్డర్’ అని ఉంటే, ఒరిజినల్ చూపించి, ఎండార్స్‌మెంట్ ఉంటేనే సరుకు విడుదలవుతుంది. కొనుగోలుదారు పేరే నేరుగా రాసినా, ఒరిజినల్స్ మూడింటిలో ఒకటి ముందే అతనికి పంపినా, అడ్వైస్‌లో డీ/పీ అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా అది పెద్దగా కాపాడలేదు. అందుకే అడ్వైస్‌లో బిల్ ఆఫ్ లేడింగ్ ఒరిజినల్స్ సంఖ్య ఎంతని రాశారో, చేతిలోని కాపీలో ఎంతుందో పోల్చి చూస్తారు.

కొనుగోలుదారు అంగీకరించాక ఎంటీ 412 వస్తుంది. దాని 32A వరసలో గడువు తేదీ, అంగీకరించిన మొత్తం ఉంటాయి. `:32A:250505USD35000,` అని ఉంటే మే 5న 35,000 డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాడని అర్థం. మన ఉదాహరణలో అక్కడ `250527` కనిపిస్తుంది. పొరపాటు బయటపడేందుకు మిగిలిన చివరి చోటు అదే. మొత్తం తగ్గి ఉంటే, నాణ్యత పేరుతోనో తూకం పేరుతోనో కొనుగోలుదారు కోత పెట్టాడన్నమాట. ఈ సందేశం వచ్చిందని బ్యాంకే హామీ ఇచ్చినట్టు చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 22వ ఆర్టికల్ ప్రకారం అంగీకారం చూడ్డానికి సవ్యంగా, పూర్తిగా ఉందా లేదా అన్నదాకే బ్యాంకు బాధ్యత. ఆ సంతకం అసలుదేనా, పెట్టినవారికి ఆ అధికారం ఉందా అన్నది దాని పని కాదు. కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ప్రొటెస్ట్ చేయించాలా వద్దా అన్నది కూడా అడ్వైస్‌లో ముందే రాయాలి. రాయకపోతే బ్యాంకు ఆ పని చేయనక్కర్లేదు.

ఇక ఖర్చులు. ‘ఇండియా బయటి బ్యాంకు ఖర్చులన్నీ కొనుగోలుదారువి’ అని అడ్వైస్‌లో రాస్తే సరిపోతుందని ఎగుమతిదారులు అనుకుంటారు. 21వ ఆర్టికల్ అంత సులభంగా లేదు. ఆ ఖర్చులు కట్టనని కొనుగోలుదారు మొండికేస్తే, బ్యాంకు వాటిని అతని దగ్గర వసూలు చేయకుండానే పత్రాలు ఇచ్చేయవచ్చు, ఆ మొత్తాన్ని ఎగుమతిదారుకు రావాల్సిన డబ్బులోంచి కోసుకోవచ్చు. మాఫీ చేయకూడదని అడ్వైస్‌లో స్పష్టంగా రాస్తేనే అలా చేయదు. కానీ అది రాయడంలోనూ చిక్కుంది. వంద డాలర్ల ఖర్చు దగ్గర పంతం పట్టి కొనుగోలుదారు వెనక్కి వెళ్లిపోతే, 35,000 డాలర్ల సరుకు పత్రాలు బ్యాంకులోనే ఆగిపోతాయి. ఆ జాప్యంతో వచ్చే ఖర్చుకూ బ్యాంకు బాధ్యత ఉండదు. పాత, నమ్మకస్తుడైన కొనుగోలుదారు అయితే మాఫీకి వీలు వదిలి, ఆ కొద్ది మొత్తాన్ని ధరలోనే కలుపుకోవడం మేలు.

ఎంత కోశారో డబ్బు వచ్చినప్పుడు ఎంటీ 400 చెబుతుంది. ఒప్పందం ప్రకారమే చెల్లింపు జరిగిన బిల్లులో అది ఇలా ఉండవచ్చు:

```
:32A:250505USD35000,
:33A:250507USD34885,
:71B:/COMM/USD70,
/TELECHAR/USD45,
```

మొదటి వరస కొనుగోలుదారు కట్టినది, రెండోది విదేశీ బ్యాంకు పంపినది. తేడా 115 డాలర్లు. అందులో 70 కమిషన్, 45 సందేశాల ఖర్చు. ఖర్చులు కొనుగోలుదారువే అని అడ్వైస్‌లో ఉంటే ఈ 115 ఎందుకు కోశారని అడగవచ్చు. అతను నిరాకరించడం వల్లే మాఫీ చేశామని బ్యాంకు చెబితే, ఆ మొత్తం తర్వాతి ఇన్వాయిస్‌లో కలిపి అడగడానికి ఆధారం దొరుకుతుంది. డబ్బు మధ్యలో ఇంకో బ్యాంకు మీదుగా వస్తే అక్కడా కొంత తగ్గవచ్చు. సొంత బ్యాంకు కలెక్షన్ కమిషన్, స్విఫ్ట్ ఖర్చు, వాటి మీద 18 శాతం జీఎస్టీ వేరే వరసలో కనిపిస్తాయి.

ఈ లెక్క రిజర్వు బ్యాంకు ఈడీపీఎంఎస్ వ్యవస్థ కోసం కూడా దగ్గర పెట్టుకోవాలి. షిప్పింగ్ బిల్లులో 35,000 ఉండి, ఖాతాకు 34,885 వస్తే, మిగిలిన 115 ఏమైందో వివరం లేనంతవరకు ఆ షిప్పింగ్ బిల్లు పూర్తిగా ముగియక బాకీగా కనిపిస్తూ ఉండవచ్చు. ఎంటీ 400 కాపీని, కోసిన ఖర్చుల వివరాన్ని బ్యాంకుకు అందిస్తే ఆ 115 డాలర్లను విదేశీ బ్యాంకు ఖర్చుగా నమోదు చేసి ఎంట్రీని మూసేయమని అడగవచ్చు.