మెస్ బిల్లు ఎవరిదో కోడ్‌కు తెలియదు

నెల మొదట్లో హాస్టల్ మెస్ గుమ్మం పక్కన వార్డెన్ ఒక నోటీసు అంటిస్తారు. పైన నలుపు తెలుపు గళ్ల కోడ్, కింద గడువు తేదీ, సంతకం. స్కాన్ చేసి డబ్బు కట్టడం ఈ పిల్లలకు కొత్తేమీ కాదు. అయినా నోటీసు ఒక పేజీ నిండా ఉంటుంది. కారణం లెక్కల పుస్తకంలో ఉంది.

డివైడింగ్ సిస్టమ్ నడిచే మెస్‌లో బిల్లు అందరికీ ఒకటి కాదు. నెల ఖర్చును అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. అది 95 రూపాయలనుకుందాం. ముప్పై రోజుల నెలలో రెండు రోజులు ఊరెళ్లి మెస్ కట్ పెట్టించుకున్న అమ్మాయి కట్టాల్సింది 28 రోజులకు 2,660. గోడ మీది కోడ్‌లో మెస్ ఖాతా వివరాలే ఉంటాయి, ఈ అంకె ఉండదు. దాన్ని ఆమే టైప్ చేయాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి కోడ్ ఫొటో తీసి ఊళ్లో ఉన్న నాన్నకు పంపింది. ఆయన సాయంత్రం డబ్బు వేశారు. మెస్ ఖాతాలో కనిపించేది ఆయన పేరే. అదే రోజు మరో ఇద్దరి ఇళ్ల నుంచి కూడా సరిగ్గా 2,660 వచ్చిందంటే ఏది ఎవరిదో మెస్ క్లర్క్ ఎలా చెప్పగలడు? డబ్బు కట్టిన పిల్ల పేరు బాకీల జాబితాలోకి ఎక్కేది ఇలాగే. అది ఆమె తప్పు కాదు, కానీ మాట పడేది ఆమే.

అందుకే నోటీసు రెండు పనులు అడుగుతుంది. డబ్బు పంపేటప్పుడు నోట్ గడిలో అడ్మిషన్ నంబరు, గది నంబరు, నెల రాయాలి. తర్వాత రసీదులోని 12 అంకెల యూటీఆర్ నంబరును మెస్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. నోట్ ఒక్కోసారి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పూర్తిగా రాదు. యూటీఆర్ అలా కాదు, ప్రతి చెల్లింపుకూ వేరేగా ఉంటుంది. స్క్రీన్‌షాట్‌ను మార్చి చూపించవచ్చు కాబట్టి క్లర్క్ దాన్ని నమ్మడు, నంబరునే స్టేట్‌మెంట్‌తో సరిచూస్తాడు.

పిన్ నొక్కే ముందు తెర మీద వచ్చిన పేరు చదవడం కూడా తప్పనిసరి. అసలు కోడ్ మీద ఎవరైనా మరో స్టిక్కర్ అంటించి ఉంటే అది బయటపడేది అక్కడే. నోటీసులో రాసిన ఖాతా పేరు కాక మరో పేరు కనిపిస్తే ఆగిపోయి వార్డెన్‌కు చెప్పాలి.

డబ్బు కోత పడి 'పెండింగ్' అని చూపిస్తే వెంటనే మళ్లీ కట్టకూడదు. అలా కట్టి, ఆ తర్వాత మొదటిదీ చేరి, నెలకు రెండు బిల్లులు కట్టినవాళ్లున్నారు. మామూలు ఖాతాకు పంపిన డబ్బు చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019 నిబంధన ప్రకారం మర్నాటికల్లా బ్యాంకే వెనక్కి వేయాలి. వ్యాపారి కోడ్ అయితే గడువు ఐదు రోజులు. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈలోగా మెస్ గడువు తీరిపోతుందనిపిస్తే యూటీఆర్ నంబరుతో క్లర్క్‌ను కలిసి రిజిస్టర్‌లో 'పెండింగ్' అని రాయించుకోవాలి.