అందుకునేవారి కళ్ళతో చిత్తుప్రతి

మాట నోట వెలువడినప్పుడు దానికి కంఠస్వరం తోడుగా ఉంటుంది. ముఖకవళికలు, చూపు, మాటకూ మాటకూ నడుమ వచ్చే చిన్న విరామం వినేవారికి అర్థాన్ని అందిస్తాయి. అదే మాట అక్షరరూపం దాల్చి సెల్‌ఫోన్ తెర మీదికి చేరినప్పుడు ఆ తోడు ఉండదు. భారతకథలో సంజయుడు ధృతరాష్ట్రుని మాటను పాండవులకు చేరవేసినప్పుడు వారి ముఖాలు చూస్తూ మాట్లాడగలిగాడు, అడిగినదానికి బదులు చెప్పగలిగాడు. మన సందేశానికి అటువంటి రాయబారి లేడు. అది ఒంటరిగా వెళుతుంది. చదివేవారు ఏ స్వరంతో చదువుకుంటే ఆ స్వరమే దానిదవుతుంది.

రాసేవారికి ఈ లోపం కనిపించదు. ఎందుకంటే తాము రాసింది తిరిగి చదువుకునేటప్పుడు వారి చెవిలో తమ స్వరమే వినిపిస్తూ ఉంటుంది. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ సంగతినే పరీక్షించింది. కొన్ని వాక్యాలను వ్యంగ్యంగా, కొన్నింటిని నిజంగానే అన్నట్లుగా ఈ-మెయిల్‌లో పంపించి, అందుకున్నవారు ఆ తేడాను గుర్తించగలరా అని చూశారు. నూటికి సుమారు 78 సందర్భాలలో గుర్తిస్తారని పంపినవారు అనుకున్నారు. నిజానికి గుర్తించినవి 56 మాత్రమే. కళ్ళు మూసుకొని ఊహించినా నూటికి యాభై సరిపోతాయి కదా!

కాబట్టి మనసు బరువుగా ఉన్నప్పుడు రాసిన సందేశాన్ని పంపే ముందు, దానిని అందుకునేవారిగా ఒకసారి చదవాలి. ఇది ఎలా చేయాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఒక విద్యార్థిని తన వృక్షశాస్త్రం రికార్డును స్నేహితురాలికి ఇచ్చింది. సోమవారం తిరిగి ఇస్తానన్న స్నేహితురాలు గురువారం వరకు ఇవ్వలేదు, కళాశాలకూ రాలేదు. ఆ రాత్రి ఈమె ఇలా రాసింది: “రికార్డు సోమవారం ఇస్తానన్నావు. ఇవాళ గురువారం. నీకు గుర్తుందో లేదో మరి. నా మార్కులు పోయినా నీకేం ఫర్వాలేదుగా. ఇప్పటికైనా పంపిస్తే సంతోషం.”

ఈమె దృష్టిలో ఇది కొంచెం నిష్ఠూరం కలిసిన జ్ఞాపిక, అంతే. పైగా ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా దీనిని వెంటనే పంపకూడదు. ముందుగా దీనిని సందేశాల పెట్టెలో కాక ఒక కాగితం మీదనో, ఫోనులోని నోట్సులోనో ఉంచాలి. పొరపాటున వేలు తగిలితే వెళ్ళిపోయిన సందేశాన్ని వాట్సాప్‌లో తొలగించవచ్చు గాని, తొలగించినట్లు ఒక గుర్తు అక్కడ మిగులుతుంది. ఏమి రాసి చెరిపేసిందో అన్న అనుమానం ఒక్కొక్కసారి అసలు సందేశం కంటే ఎక్కువ బాధిస్తుంది.

కొంత వ్యవధి గడిచాక అందుకునేవారి స్థితిని తలచుకోవాలి. ఈ సందేశం చేరేసరికి ఆమె ఎక్కడ ఉంటుంది? ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉండవచ్చు, ప్రయాణంలో ఉండవచ్చు. తెర మీద ఆమెకు మొదట కనబడేది మొదటి పంక్తి. అది “ఇస్తానన్నావు” అనే నేరారోపణతో మొదలైంది. తక్కినది తెరిచి చదివేలోగానే ఆమె సంజాయిషీ వెతుక్కోవడం ప్రారంభిస్తుంది.

తరువాత సందేశాన్ని పైకి చదవాలి. అది కూడా మనం ఉద్దేశించిన స్వరంతో కాదు, ఉద్దేశించని స్వరంతో, కటువుగా చదవాలి. పైన చెప్పిన పరిశోధనలోనే, ఇలా విరుద్ధమైన స్వరంతో చదివినవారికి తమ మాట తప్పక అర్థమవుతుందన్న అతివిశ్వాసం తగ్గింది. ఈ పఠనంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినవి చిన్న చిన్న ముక్కలు. “ఫర్వాలేదుగా” అన్నదానిలోని “గా”, “లేదో మరి” అన్నదానిలోని “మరి”, “చూద్దాంలే”లోని “లే”, “చెప్పాను కదా”లోని “కదా” నోటితో పలికినప్పుడు ముద్దుగానూ ఉండగలవు, ముల్లుగానూ ఉండగలవు. కాగితం మీద ముల్లే మిగులుతుంది. “ఇప్పటికైనా” అన్న ఒక్క పదం గడిచిన నాలుగు రోజులనూ నేరంగా మార్చింది. ఆ పదం తరువాత వచ్చిన “సంతోషం” వ్యంగ్యంగా తప్ప మరో విధంగా వినబడదు. ఎప్పుడూ “నువ్వు” అని పిలిచే స్నేహితురాలిని హఠాత్తుగా “మీరు ఇస్తే బాగుంటుంది” అనడమూ ఇటువంటిదే. మర్యాద పెరిగినకొద్దీ దూరం పెరిగినట్లు తోస్తుంది.

ఇప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది నేను చూసినదా, ఊహించినదా? సోమవారం రికార్డు రాకపోవడం చూసినది. “నీకేం ఫర్వాలేదుగా” అన్నది ఎదుటి మనసులోనికి తొంగి చూసి చెప్పిన తీర్పు. అక్కడికి మనకు ప్రవేశం లేదు.

చివరగా, చదివినవారు ఏమి చేయాలో తెలుస్తున్నదా అని చూడాలి. ఇక్కడే ఈ సందేశంలోని అసలు లోపం బయటపడుతుంది. శనివారం ఉదయం అధ్యాపకురాలు రికార్డుల మీద సంతకం చేస్తారు. ఇంకా రెండు బొమ్మలు వేయవలసి ఉంది. ఈ తొందర అంతా అందుకే. కాని ఆ శనివారం మాట సందేశంలో ఎక్కడా లేదు! రాసినామె మనసులో అది నాలుగు రోజులుగా మెదులుతూనే ఉంది కనుక రాసినట్లే అనిపించింది. నాలుగు రోజులు కళాశాలకు రాని స్నేహితురాలికి అది తెలిసే అవకాశం లేదు. కోపం రాసిన సందేశాలలో తరచుగా జరిగేది ఇదే: బాధ అంతా కాగితం మీదికి వస్తుంది, అవసరం మాత్రం మనసులోనే ఉండిపోతుంది.

ఈ పరిశీలన తరువాత ఆమె రాసిన ప్రతి ఇది: “శనివారం ఉదయం వృక్షశాస్త్రం రికార్డుల మీద సంతకాలు చేస్తారట. నాకింకా రెండు బొమ్మలు మిగిలాయి. రేపు సాయంత్రంలోగా రికార్డు అందితే పూర్తి చేయగలను. ఎవరితోనైనా పంపగలవా, నన్ను మీ ఇంటికి రమ్మంటావా? సోమవారం నుంచి ఎదురుచూసి కొంచెం బాధపడ్డాను. నువ్వు కాలేజీకి కూడా రాలేదు, ఏమైంది?”

ఇందులో బాధను దాచలేదు. అది దాచవలసినదీ కాదు. అవతలివారు నొచ్చుకుంటారేమో అని ప్రతి వాక్యాన్నీ మెత్తబరుస్తూ పోతే “వీలైతే ఎప్పుడైనా ఇవ్వు” అన్న చోటికి చేరుతాం. అప్పుడు శనివారం గడిచిపోతుంది, రికార్డు రాదు. అది కూడా అందుకునేవారిగా చదవకపోవడమే. ఆ మాట చదివినవారు తొందర లేదనే అనుకుంటారు.

ఇంకా సందేహం ఉంటే, సంగతి తెలియని ఒకరికి ఆ ప్రతిని చూపించవచ్చు. అయితే “బాగుందా?” అని అడగరాదు. బాగుందనే అంటారు. “దీన్ని రాసినవారికి ఏమి కావాలి? వారు ఎలాంటి మనసుతో ఉన్నారు?” అని అడగాలి. వారి సమాధానం మన ఉద్దేశానికి ఎంత దూరంలో ఉంటే అంత దిద్దవలసి ఉందన్నమాట.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఎదుటివారి స్థానంలో మనలను ఊహించుకున్నంత మాత్రాన వారి మనసు తెలిసిపోదు. తాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ఇరవై అయిదు ప్రయోగాల ఫలితం ఇదే. ఊహించడం వల్ల అంచనా మెరుగుపడలేదు. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడు మెరుగుపడింది. చిత్తుప్రతిని ఎదుటివారి కళ్ళతో చదవడం మన వాక్యాలలోని ముళ్ళనూ ఖాళీలనూ పట్టిస్తుంది గాని, స్నేహితురాలు ఎందుకు రాలేదో చెప్పదు. మారిన ప్రతి చివర “ఏమైంది?” అన్న ప్రశ్న ఉన్నది అందుకే. దానికి వచ్చే జవాబు కూడా స్వరం లేని అక్షరాలే. “సరే. పంపిస్తాను.” అని రెండే మాటలు వస్తే, అందులో కోపం ఉన్నదో అలసట ఉన్నదో తేల్చుకోవడానికి మరో సందేశం రాయడం కంటే ఫోను చేసి మాట్లాడడం మేలు.