వదంతికి జవాబు: హోటల్ పెట్టే వివరణ క్యాప్షన్

2016 డిసెంబరులో హైదరాబాదులోని షా గౌస్ హోటల్ బిర్యానీలో కుక్క మాంసం కలుపుతున్నారని వాట్సాప్‌లో వదంతి పాకింది. యజమాని పోలీసులకు ఫిర్యాదు చేశారు. నగరపాలక అధికారులు నమూనాలు సేకరించారు. ఇక్కడ ఒక తేడా గమనించండి. “మేము అలాంటివాళ్లం కాము” అన్నది హోటలువారి మాట. నమూనా పరీక్ష బయటివారిది. వివరణకు బలమిచ్చేది ఈ రెండోదే.

ఇప్పుడు అనంతపురంలో ఒక చిన్న హోటల్‌ను ఊహించుకోండి. వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్లు కొంటున్నారు. “అక్కడ మురికి నీళ్లతో వండుతున్నారు, తిన్నవాళ్లకు వాంతులవుతున్నాయి” అని ఊళ్లో ప్రచారం మొదలైంది. ఇలాంటప్పుడు చాలామంది టి.డి.ఎస్. మీటరు ఫొటో పెట్టేస్తారు. అది చూడటానికి బాగానే ఉంటుంది కానీ ప్రశ్నకు జవాబు కాదు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, సూక్ష్మజీవులను చూపదు. ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఫ్లోరైడ్ సమస్య కూడా వేరే సంగతి. వాంతుల ఆరోపణకు కావలసింది సూక్ష్మజీవుల పరీక్ష. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నమూనాలో ఇ. కొలి అసలు కనబడకూడదు.

ఆ పరీక్ష చేయించాక ల్యాబ్ నివేదిక ఫొటో కింద ఇలా రాయవచ్చు:

“మా వంటగదిలో మురికి నీళ్లు వాడుతున్నామన్న ప్రచారం మా దృష్టికి వచ్చింది. బోరు ఎండినందున ఏప్రిల్ నుంచి ట్యాంకరు నీళ్లు కొంటున్న మాట నిజం. వాటిని శుద్ధి చేశాకే వంటకు వాడుతున్నాం. ప్రచారం మొదలయ్యాక, మే 6న వంటగది కుళాయి దగ్గర పట్టిన నమూనాలో ఇ. కొలి కనబడలేదు. అసలు నివేదిక కౌంటరు దగ్గర చూడవచ్చు. లైసెన్సు నంబరు ఫొటోలో ఉంది. మా దగ్గర తిని అస్వస్థత కలిగినవారు తేదీ, బిల్లుతో మాకు గానీ ఆహార భద్రతా అధికారికి గానీ తెలియజేయగలరు.”

ట్యాంకరు సంగతి దాచకపోవడం ఇందులో మంచి పని. వీధిలో అందరూ చూస్తున్నదాన్ని కాదంటే మిగతా వాక్యాలనూ ఎవరూ నమ్మరు. నమూనా ఎక్కడ పట్టారో చెప్పడం కూడా అంతే ముఖ్యం. ట్యాంకరు దగ్గర నీరు బాగున్నా సంపులోనో, పై తొట్టిలోనో చెడవచ్చు. అయితే నివేదిక ఆనాటి నమూనాకే వర్తిస్తుంది. ప్రతి లోడూ ఒకే చోటు నుంచి రాదు కాబట్టి “మా నీరు ఎప్పుడూ నూరు శాతం శుభ్రం” అని రాస్తే ఆధారాన్ని మించి మాట్లాడినట్టే.

ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరుకు 14 అంకెలుంటాయి. దాన్ని foscos.fssai.gov.in లో ఎవరైనా సరిచూడవచ్చు. హోటల్‌కు అనుమతి ఉందనే అది చెబుతుంది. ఇవాళ వంటగది ఎలా ఉందో చెప్పదు. అందుకే పై క్యాప్షన్‌లో దాన్ని శుభ్రతకు రుజువుగా చూపలేదు.