మసక ఫొటోలోని పర్మాంగనేట్ లెక్క

ఫోన్‌తో తీసిన రసాయనశాస్త్రం పేజీలో అన్నిటికంటే ముందు మసకబారేవి అయాన్ల నెత్తిమీద ఉండే చిన్న అంకెలు, ప్లస్ మైనస్ గుర్తులు. ఆక్సీకరణ–క్షయకరణ చర్యను తుల్యం చేసే లెక్క అంతా వాటి మీదే నడుస్తుంది. ఇంటర్ విద్యార్థులకు బాగా పరిచయమైన ఒక అభ్యాసాన్ని తీసుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. పర్మాంగనేట్ అయాన్ ఆక్సాలేట్ అయాన్‌తో ఆమ్ల యానకంలో చర్య జరుపుతుంది, దాని సమీకరణాన్ని తుల్యం చేయాలి:

MnO₄⁻ + C₂O₄²⁻ → Mn²⁺ + CO₂

అర్ధ చర్యల పద్ధతిలో ఈ చర్యను రెండుగా విడదీస్తారు. ఎలక్ట్రాన్లను తీసుకునేది ఒక సగం, వదిలేది రెండో సగం. ఒక్కోదాన్ని విడిగా సరిచేసి, చివర్లో ఎలక్ట్రాన్ల లెక్క సరిపోయేలా కలుపుతారు.

మొదట మాంగనీసు సగం: MnO₄⁻ → Mn²⁺. మాంగనీసు రెండు వైపులా ఒకటే ఉంది. ఎడమవైపు ఉన్న నాలుగు ఆక్సిజన్లకు కుడివైపు చోటు లేదు. చర్య నీటిలో, ఆమ్లంలో జరుగుతోంది కాబట్టి ఆ ఆక్సిజన్లు నీరుగా బయటపడతాయి. అందువల్ల కుడివైపు 4H₂O రాయాలి. వాటిలోని ఎనిమిది హైడ్రోజన్లు ఆమ్లం నుంచి రావాలి కనుక ఎడమవైపు 8H⁺ చేరుతుంది. ఇప్పుడు ఆవేశాలు చూడాలి. ఎడమవైపు −1, +8 కలిసి +7. కుడివైపు +2 మాత్రమే. తేడా ఐదు. ఐదు ఎలక్ట్రాన్లను ఎడమవైపు వేస్తే రెండు వైపులూ +2 అవుతాయి:

MnO₄⁻ + 8H⁺ + 5e⁻ → Mn²⁺ + 4H₂O

ఇక్కడ వచ్చిన +7, మాంగనీసు ఆక్సీకరణ సంఖ్య +7 ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. ప్రతి ఆక్సిజన్‌కూ రెండు H⁺ చొప్పున జత చేసి నీరుగా తీసేస్తే, మిగిలే ఆవేశం మధ్యనున్న పరమాణువు ఆక్సీకరణ సంఖ్యే అవుతుంది. ఆక్సీకరణ సంఖ్యలు గుర్తులేని విద్యార్థికి కూడా ఈ పద్ధతి పనికొచ్చేది అందుకే.

ఆక్సాలేట్ సగం చిన్నది. కానీ తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. ఆక్సాలేట్‌లో కార్బన్లు రెండు కాబట్టి ముందుగా కుడివైపు 2CO₂ రాయాలి. దాంతో ఆక్సిజన్లు కూడా నాలుగూ నాలుగుగా సరిపోతాయి. నీరు, H⁺ అవసరమే రాదు. ఎడమవైపు ఆవేశం −2, కుడివైపు సున్నా. కాబట్టి రెండు ఎలక్ట్రాన్లు కుడివైపు చేరతాయి:

C₂O₄²⁻ → 2CO₂ + 2e⁻

కార్బన్ సంఖ్యను ముందు సరిచేయకుండా, +3 నుంచి +4కి మారింది కదా అని ఒకే ఎలక్ట్రాన్ వేస్తే లెక్క సగానికి పడిపోతుంది. మారింది ఒక్కో కార్బన్. అయాన్‌లో ఉన్నవి రెండు.

ఒక సగం ఐదు ఎలక్ట్రాన్లు అడుగుతోంది, రెండోది రెండే ఇస్తోంది. మొదటిదాన్ని రెండుతో, రెండోదాన్ని ఐదుతో గుణిస్తే రెండింటా పదేసి వస్తాయి. కలిపినప్పుడు అవి కొట్టుకుపోతాయి:

2MnO₄⁻ + 5C₂O₄²⁻ + 16H⁺ → 2Mn²⁺ + 10CO₂ + 8H₂O

సరిచూసుకోవడానికి రెండు లెక్కలు చాలు. ఆక్సిజన్లు ఎడమవైపు 8, 20 కలిసి 28, కుడివైపు 20, 8 కలిసి 28. ఆవేశం ఎడమవైపు −2, −10, +16 కలిసి +4, కుడివైపు రెండు Mn²⁺ వల్ల అదే +4. పరమాణువులు సరిపోయి ఆవేశం సరిపోకపోతే, పొరపాటు దాదాపు ఎప్పుడూ ఎలక్ట్రాన్ల దగ్గరే ఉంటుంది.

పుస్తకం చివరి జవాబుల్లో 16H⁺ బదులు 6H⁺ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని అయాన్‌గా కాక H₂C₂O₄ అని రాస్తే, ఐదు అణువుల్లోని పది హైడ్రోజన్లు అందులోనే ఉంటాయి. బయటి నుంచి ఆరే కావాలి. ఆ జవాబూ సరైనదే.

ఇక ఫొటో సంగతి. మసకలో ఏ గుర్తు పోయిందన్నదాన్ని బట్టి, తప్పు బయటపడుతుందో లేదో తేలుతుంది. CO₂ లోని చిన్న 2 చెరిగిపోయి CO అని చదివారనుకుందాం. అప్పుడు ఆక్సాలేట్ సగం ఇలా వస్తుంది:

C₂O₄²⁻ + 4H⁺ + 2e⁻ → 2CO + 2H₂O

ఇందులోనూ ఎలక్ట్రాన్లు ఎడమవైపే ఉన్నాయి. అంటే రెండు సగాలూ ఎలక్ట్రాన్లు తీసుకునేవే, ఇచ్చేది ఒక్కటీ లేదు. అలాంటి చర్య జరగదు. ఎలక్ట్రాన్లు రెండు సగాల్లోనూ ఒకే వైపు వస్తే లెక్క ఆపి, ఫొటోను పెద్దది చేసి మళ్లీ చదవాలి.

రెండో రకం తప్పు ఇంత తేలిగ్గా దొరకదు. MnO₄⁻ మీదున్న ఒంటి మైనస్‌ను, కాగితం మీది మరక వల్ల, 2− అని చదివితే మాంగనీసు సగానికి ఐదు బదులు నాలుగు ఎలక్ట్రాన్లు వస్తాయి. ఆపై అన్ని మెట్లూ సాఫీగా సాగి ఈ సమీకరణం తయారవుతుంది:

MnO₄²⁻ + 2C₂O₄²⁻ + 8H⁺ → Mn²⁺ + 4CO₂ + 4H₂O

పరమాణువులు సరిపోతాయి. ఆవేశమూ రెండు వైపులా +2. సరిచూసే లెక్కలు రెండూ దీన్ని ఒప్పేసుకుంటాయి. ఎందుకంటే అవి రాసుకున్నదాన్ని పరీక్షిస్తాయి తప్ప, పేజీలో అసలున్నదాన్ని కాదు. దీన్ని పట్టుకోవాలంటే పదార్థం గురించి కొంత తెలియాలి. MnO₄²⁻ అంటే ఆకుపచ్చని మాంగనేట్. అది గాఢమైన క్షార ద్రావణంలోనే నిలుస్తుంది. ఆమ్లం తగిలితే పర్మాంగనేట్‌గా, మాంగనీస్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. కాబట్టి ‘ఆమ్ల యానకంలో’ అన్న మాట పక్కన మాంగనేట్ కనిపిస్తే అనుమానించాలి. అదే పేజీలో ఎక్కడైనా KMnO₄ అని ఉంటే సందేహమే లేదు. ఒక K⁺కు జతగా ఉండేది ఒకే ఋణావేశమున్న అయాను.

ఈ పొరపాటు కాగితం దాటితే ఎంత తేడా తెస్తుందో టైట్రేషన్ లెక్కలో కనిపిస్తుంది. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లలో ఒక మిల్లీమోల్ ఉంటుంది. 2:5 నిష్పత్తి ప్రకారం దానికి 0.4 మిల్లీమోల్ పర్మాంగనేట్, అంటే 0.02 మోలార్ ద్రావణం 20 మిల్లీలీటర్లు కావాలి. తప్పు సమీకరణంలోని 1:2 నిష్పత్తి ప్రకారమైతే 25 మిల్లీలీటర్లు అని వస్తుంది. బ్యూరెట్ మాత్రం 20 దగ్గరే ఆగుతుంది. శాంకవ కుప్పెలో పోని లేత గులాబీ రంగు అక్కడే నిలుస్తుంది.

సమీకరణంలోని 16H⁺ కూడా అలంకారానికి రాసింది కాదు. ఆమ్లం చాలకపోతే మాంగనీసు +2 దాకా దిగకుండా +4 దగ్గర ఆగి, గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ కుప్పెలో కనిపిస్తుంది. అప్పుడు పై నిష్పత్తి వర్తించదు. ఆ ఆమ్లంగా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నే వాడతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే అందులోని క్లోరైడ్‌ను కూడా పర్మాంగనేట్ ఆక్సీకరించి క్లోరిన్‌గా మార్చి, ఎక్కువ ఖర్చవుతుంది.

సమీకరణం చెప్పనిది చర్య వేగం. ఈ చర్య చల్లగా ఉంటే మెల్లగా నడుస్తుంది కాబట్టి ద్రావణాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేస్తారు. అయినా మొదటి చుక్కల ఊదారంగు పోవడానికి కాస్త సమయం పడుతుంది. కొంచెం Mn²⁺ తయారయ్యాక అదే ఉత్ప్రేరకంగా పనిచేసి, తర్వాతి చుక్కల రంగు పడీపడగానే పోతుంది.