ఫలితాల పేరాను పట్టికతో సరిచూసి తిరగరాయడం

పరిశోధన వ్యాసంలో ఫలితాల పేరాను తరచు తొలి గణనల ఆధారంగా రాస్తారు. తరువాత ఒక మడి దిగుబడిని సవరించినా, గింజ తేమకు సర్దుబాటు చేసినా పట్టిక మారుతుంది. పేరా మాత్రం పాత అంకెలతోనే మిగిలిపోతుంది. ఈ తేడాలను సరిదిద్దే క్రమాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు.

వరిలో నత్రజని మోతాదులపై నాలుగు పునరావృతాలతో ప్రయోగం జరిగిందనుకుందాం. పట్టికలో హెక్టారుకు గింజ దిగుబడి సగటు, ప్రామాణిక విచలనం టన్నులలో ఇలా ఉన్నాయి: నత్రజని వేయని మడులలో 3.47 ± 0.28, 80 కిలోలు వేసినచోట 5.18 ± 0.43, 120 కిలోలు వేసినచోట 5.62 ± 0.32. పేరాలో మాత్రం ఇలా ఉంది: “80 కిలోల నత్రజనితో 5.81 ± 0.43 టన్నులు, 120 కిలోలతో 5.6 ± 0.16 టన్నుల దిగుబడి లభించింది. నత్రజని వేయని మడులకంటే 120 కిలోలు వేసిన మడులలో దిగుబడి 60 శాతం అధికం.”

ఇక్కడ మూడు దోషాలున్నాయి. మొదటిది 5.18కి బదులు 5.81 అని అంకెలు తారుమారు కావడం. దీనివల్ల 80 కిలోల మోతాదే మేలైనదన్న తప్పుడు అర్థం వస్తుంది. రెండవది 0.16. పునరావృతాలు నాలుగు కనుక 0.32ను నాలుగు వర్గమూలమైన 2తో భాగిస్తే వచ్చే విలువ ఇది. అంటే ప్రామాణిక విచలనం స్థానంలో సగటు ప్రామాణిక దోషం చేరింది. మూడవది శాతం. 5.6ను 3.5తో పోలిస్తే పెరుగుదల 60 శాతం, పట్టికలోని 5.62ను 3.47తో పోలిస్తే 62 శాతం. సవరించని విలువలతో గణన ముగించి, చివరనే దశాంశాలను కుదించాలి.

అయితే పట్టికే సరైనదని ముందుగా భావించరాదు. క్షేత్ర పుస్తకంలోని మడుల దిగుబడులకు వెళ్లాలి. 80 కిలోల మోతాదుకు అవి 4.66, 5.02, 5.40, 5.64 అయితే మొత్తం 20.72, సగటు 5.18. సగటు నుండి భేదాల వర్గాల మొత్తం 0.556. దీనిని మూడుతో భాగించి వర్గమూలం తీస్తే 0.43 వస్తుంది, పట్టిక సరైనదే. నాలుగుతో భాగిస్తే 0.37 వస్తుంది. పట్టికలో అటువంటి విలువ కనిపిస్తే పట్టికనే సవరించాలి. మిగిలిన రెండు మోతాదులనూ ఇలాగే సరిచూసిన తరువాతే పేరాను ముట్టుకోవాలి.

తిరగరాసిన పేరా ఇది: “నత్రజని వేయని మడులలో సగటు గింజ దిగుబడి (± ప్రామాణిక విచలనం) హెక్టారుకు 3.47 ± 0.28 టన్నులు కాగా, 80 కిలోల నత్రజనితో 5.18 ± 0.43, 120 కిలోలతో 5.62 ± 0.32 టన్నులు నమోదైంది. నత్రజని వేయని మడులకంటే 120 కిలోలు వేసిన మడులలో దిగుబడి 62 శాతం అధికం.”

80, 120 కిలోల మధ్య తేడా సార్థకమని ఈ పేరా చెప్పదు. ఆ నిర్ణయానికి విచలన విశ్లేషణ, కీలక భేదం విలువ అవసరం. ప్రామాణిక విచలనాలు అందుకు చాలవు.