అందరి ముందు నింద మోపిన మెయిల్‌కు జవాబు

సహోద్యోగి తప్పంతా ఒకరిమీదే వేసి, టీమ్ మొత్తానికి మెయిల్ పెట్టినప్పుడు ఇచ్చే జవాబు ఎలా ఉంటుందనేది, దాన్ని రాసేముందు పాత మెయిళ్లను ఎంత ఓపికగా చదివారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. కోపం తగ్గేదాకా ఆగితే చాలని చాలామంది అనుకుంటారు. ఆగినంత మాత్రాన జవాబు మెరుగుపడదు. తెలియని సంగతులు అప్పటికీ తెలియకుండానే ఉంటాయి. ఆ విరామంలో మొదటి మెయిల్ నుంచి చివరిదాకా ఉత్తరప్రత్యుత్తరాలను మళ్లీ చదివినప్పుడే లాభం.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఆన్‌లైన్లో సరుకులు అమ్మే ఒక సంస్థ. ధరల ఫైలు తయారుచేసే ఉద్యోగిని, దాన్ని వెబ్‌సైట్లోకి ఎక్కించే సహోద్యోగి హైదరాబాద్‌లో ఉంటారు. మేనేజరు అమెరికాలోని న్యూజెర్సీలో. అక్టోబరులో దీపావళి అమ్మకాలు గురువారం అర్ధరాత్రి మొదలవ్వాలి. ఫైలు ఆ సాయంత్రం 6 గంటలకల్లా చేతికి రావాలి. తీరా పాత ధరలతోనే అమ్మకాలు మొదలయ్యాయి. శుక్రవారం పొద్దున పద్నాలుగు మందికి సహోద్యోగి మెయిల్ వెళ్లింది: ‘మూడు వస్తువుల ధరలు మార్చమని గురువారం 11:20కే అడిగాను. అయినా ఆ పొద్దున 7:15కి పంపిన పాత ఫైలే శుక్రవారం నాకు అందింది. ధరల విభాగం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తే ఈ తిప్పలు ఉండేవి కావు.’

ఇలాంటి మెయిల్ చదవగానే కళ్లు చివరి వాక్యం మీదే ఆగిపోతాయి. జవాబులో పనికొచ్చేవి మాత్రం మొదటి రెండు వాక్యాలే. వాటిలో సరిచూడదగ్గ విషయాలు మూడున్నాయి: మార్పులు ఎప్పుడు అడిగారు, ఫైలు ఎప్పుడు వెళ్లింది, అందులో ఏ ధరలున్నాయి. ‘ఒళ్లు దగ్గర పెట్టుకుని’ అన్నది సరిచూడగలిగే విషయం కాదు కాబట్టి దానికి జవాబూ అక్కర్లేదు.

చదవడం పాత మెయిల్ నుంచి మొదలుపెట్టాలి. చివరి మెయిల్ కింద అతికి ఉండే పాత మాటలను నమ్ముకుంటే చాలదు. ఒకే సబ్జెక్టు కింద నడిచే సంభాషణ మధ్యలో కొమ్మలు చీలుతుంది. ఎవరో ‘రిప్లై ఆల్’ బదులు ‘రిప్లై’ నొక్కుతారు. అక్కడినుంచి ఒక పాయలో కొందరు ఉండరు. తెరమీద మాత్రం అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. అందుకే ప్రతి మెయిల్లోనూ ఎవరెవరికి వెళ్లిందో చూడాలి, పంపిన మెయిళ్ల పెట్టెలోంచి అసలు మెయిల్‌ను తెరవాలి, జతచేసిన ఫైలును తెరిచి లోపలి అంకెలు చూడాలి. ఈ చివరి పని విసుగనిపిస్తుంది. ఎక్కువ సంగతులు బయటపడేది మాత్రం దాంతోనే.

ఉద్యోగిని అలా చదివాక తేలిన మొదటి సంగతి, ఫైలు గురువారం సాయంత్రం 4:45కి వెళ్లిందని. గడువు కంటే ముందే. రెండోది, అది మేనేజరుకు మాత్రమే వెళ్లింది. ముందురోజు ఆయన ఆమె ఒక్కదానికే రాసిన మెయిల్‌కు జవాబుగా ఫైలు పంపడంతో సహోద్యోగి పేరు జాబితాలో లేదు. ఆ సంగతి మేనేజరు తమ రాత్రి 9 గంటలకు గమనించి సహోద్యోగికి ఫార్వర్డ్ చేశారు. అప్పటికి హైదరాబాద్‌లో శుక్రవారం పొద్దున ఆరున్నర.

మరి 7:15 ఎక్కడిది? మామూలుగా ఫార్వర్డ్ చేసిన మెయిల్ పైభాగంలో పాత మెయిల్ తేదీ, సమయం ఫార్వర్డ్ చేసినవారి ఊరి గడియారం ప్రకారం పడతాయి. ఏ దేశపు సమయమో అక్కడ రాసి ఉండకపోవచ్చు. అక్టోబరులో న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మార్చాక తేడా పదిన్నర అవుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రం 4:45 అంటే అక్కడ పొద్దున 7:15. సహోద్యోగి దాన్ని మన పొద్దున అనుకున్నాడు. 11:20కి మార్పులు అడిగినవాడికి, 7:15 నాటి ఫైలు చూస్తే అది పాతదేననిపించడం సహజమే. అబద్ధం ఆడే ఉద్దేశం అందులో లేదు. ఇది తెలిశాక కోపానికి ఉన్న కారణంలో సగం పోతుంది, ఎవరూ ఉపదేశించనక్కర్లేకుండానే.

మూడో సంగతి ఉద్యోగినికి అంత అనుకూలం కాదు. ఫైలు తెరిచి చూస్తే అడిగిన మూడు ధరల్లో రెండే మారాయి. మూడోది పాతదే. ముందే ఘాటుగా జవాబు కొట్టి ఉంటే, ఈ ఒక్క అంకెతో అది మొత్తం కూలిపోయేది.

ఇక రాయడం. ‘టు’ గడి ఖాళీగా ఉంచి రాయడం మంచిది. చెయ్యి జారి పంపేసే ప్రమాదం ఉండదు. పంపేముందు సహోద్యోగికి ఒకసారి ఫోన్ చేయడం మర్యాద. అయితే ఫోన్‌తోనే సరిపెట్టకూడదు. నింద పద్నాలుగు మంది చదివారు కాబట్టి వివరమూ ఆ పద్నాలుగు మందికే వెళ్లాలి. కొత్తగా పైఅధికారులను చేరిస్తే అది జవాబు కాదు, ఫిర్యాదు అవుతుంది. ఉద్యోగిని జవాబు ఇలా ఉండవచ్చు:

‘అందరికీ నమస్కారం. ధరల ఫైలు గురించిన మెయిళ్లు మొదటినుంచీ చూశాను. ఫైలు గురువారం సాయంత్రం 4:45కి, మన సమయం ప్రకారం, పంపాను. ఫార్వర్డ్‌లో కనిపించే 7:15 న్యూజెర్సీ సమయం. అయితే అది మేనేజరు గారికి మాత్రమే వెళ్లింది. మీ పేరు చేర్చకపోవడం నా పొరపాటు. అడిగిన మూడు ధరల్లో రెండు మార్చాను, మూడోది తప్పిపోయింది. అదీ నాదే. సరిచేసిన ఫైలు, గురువారం నాటి అసలు మెయిల్ జతచేశాను. ఈ ఫైలును మధ్యాహ్నం 12 లోపు ఎక్కించగలరా? ఇకమీదట ధరల ఫైళ్లన్నీ టీమ్ ఉమ్మడి చిరునామాకే పంపుతాను.’

ఇందులో తనకు అనుకూలమైనదీ ప్రతికూలమైనదీ పక్కపక్కనే ఉన్నాయి. పొరపాటు ఒప్పుకోవడం ఉన్నా ‘ఎవరైనా నొచ్చుకుంటే క్షమించండి’ తరహా డొంకతిరుగుడు లేదు. ‘నేను ముందే చెప్పినట్టు’, ‘మీరు సరిగ్గా చదివి ఉంటే’ అన్న ఎత్తిపొడుపులూ లేవు. సహోద్యోగి తప్పు చదివాడని ఎక్కడా అనలేదు. 7:15 ఏ ఊరి సమయమో చెప్పి ఊరుకుంది. అసలు మెయిల్‌నే జతచేయడానికీ కారణముంది. స్క్రీన్‌షాట్‌లో ఎవరికి వెళ్లింది, ఏ సమయమండలం అన్న వివరాలు తెగిపోతాయి, ఏదో దాచారన్న అనుమానమూ వస్తుంది. ఒకరోజులోపు పంపడం మేలు. వారం గడిస్తే చదివినవారికి నిందే గుర్తుంటుంది, వివరాలు ఉండవు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. సగం మాటలు ఫోన్లోనో వాట్సాప్‌లోనో నడిచి ఉంటే మెయిళ్లు ఎంత చదివినా మొత్తం బొమ్మ దొరకదు. అప్పుడు ‘ఇది మెయిళ్లలో కనిపించేంతవరకే’ అని రాయడం నిజాయతీ. ఇంత వివరం వెళ్లాక కూడా అదే మనిషి అదే తీరులో మళ్లీ అందరి ముందు నింద మోపితే, ఇక రిప్లై ఆల్ పనికిరాదు; ఆ రెండు మెయిళ్లూ పట్టుకుని మేనేజరుతో ముఖాముఖి మాట్లాడాలి.