బరువు లెక్క తప్పితే సముద్రమే

అమెరికా నిమిట్జ్ తరగతి విమానవాహక నౌక పొడవు సుమారు 330 మీటర్లు. అందులో యుద్ధవిమానం పైకి లేవడానికి దొరికే జాగా వంద మీటర్లలోపే. ఆ కాస్త దూరంలో విమానాన్ని విసిరేదీ, తిరిగొచ్చినప్పుడు పట్టి ఆపేదీ రెండు యంత్రాలు. రెండూ సరిగ్గా పనిచేయాలంటే విమానం బరువు కచ్చితంగా తెలిసి తీరాలి.

విసిరే యంత్రం పేరు కాటపుల్ట్. డెక్ మీద ఒక సన్నటి గాడి, దాని కింద ఆవిరితో కదిలే పిస్టన్లు ఉంటాయి. గాడిలోంచి పైకి వచ్చిన కొక్కేనికి విమానం ముందు చక్రం దగ్గరి కడ్డీని తగిలిస్తారు. వెనక మరో కడ్డీ విమానాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అప్పుడు సిబ్బందిలో ఒకరు బరువు రాసిన బోర్డును పైలట్‌కు చూపిస్తారు. పైలట్ అవునన్నాకే ఆ బరువుకు తగ్గట్టు కాటపుల్ట్ బలాన్ని ఖరారు చేస్తారు. బలం చాలకపోతే విమానం నీళ్లలో పడుతుంది, ఎక్కువైతే ముందు చక్రం దెబ్బతింటుంది. ఇంజిన్లు పూర్తి జోరు అందుకున్నాక ఆవిరిని వదిలితే వెనక కడ్డీ పట్టు విడిపోతుంది. సుమారు రెండు సెకన్లలో విమానం గంటకు 250 కిలోమీటర్లు దాటుతుంది.

దిగేటప్పుడు విమానం తోక కింది కొక్కెం డెక్‌కు అడ్డంగా ఉన్న ఉక్కు తీగల్లో ఒకదాన్ని అందుకోవాలి. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్లను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. తీగ తప్పిపోతే మళ్లీ ఎగరాలి కదా! తీగ దొరికితే దాని కొసలు డెక్ కింద ఉన్న పిస్టన్‌ను లాగుతాయి. పిస్టన్ నెట్టిన ద్రవం ఇరుకైన వాల్వ్‌ గుండా దూరుతూ విమానం వేగాన్ని మింగేస్తుంది. ఆ వాల్వ్ ఎంత తెరుచుకోవాలో కూడా బరువును బట్టే నిర్ణయిస్తారు.

2016 మార్చి 18న ఐసెన్‌హోవర్ నౌక మీద ఈ అమరికే తప్పింది. అంతకుముందు కనిపించిన లోపాన్ని సరిచేసేటప్పుడు సిబ్బంది ఒక ముఖ్యమైన పని వదిలేశారని, దాంతో వాల్వ్ సరైన స్థితిలో లేదని విచారణలో తేలింది. నిఘా విమానం ఈ-2సి తీగను అందుకుంది గానీ వేగం తగ్గలేదు. తీగ తెగి కొరడాలా విసిరి కొట్టడంతో ఎనిమిది మంది గాయపడ్డారు. విమానం డెక్ అంచు దాటి కిందికి జారి కనుమరుగైంది. ఇంజిన్లు పూర్తి జోరులో ఉండటం వల్లే పైలట్లు దాన్ని మళ్లీ పైకి లేపి, ఒడ్డున క్షేమంగా దించగలిగారు.

మన కొత్త విక్రాంత్‌లో ఆపే తీగలున్నాయి, కాటపుల్ట్ లేదు. ముందు భాగం పైకి వంగిన డెక్ మీదుగా మిగ్-29కె సొంత ఇంజిన్ల బలంతోనే లేస్తుంది. అందుకే అది మోసుకెళ్లే ఇంధనానికీ, ఆయుధాలకూ కాటపుల్ట్ ఉన్న నౌకలకన్నా గట్టి పరిమితి ఉంటుంది.